ఇన్ఫర్మేషన్, అడ్వైస్, ఫీడ్‌బ్యాక్: లెక్కకు రాని మూడు ఇంగ్లీషు మాటల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇతరులు ఇంగ్లీషులో రాసిన ఉత్తరాలను, నివేదికలను దిద్దడం నా రోజువారీ పని. కాలాల తప్పులు, ప్రిపొజిషన్ల తప్పులు మనిషిని బట్టి మారుతుంటాయి గానీ, ఈ మూడు మాటల దగ్గర జరిగే పొరపాటు మాత్రం బాగా రాసేవాళ్లలో కూడా కనిపిస్తుంది. అందుకే నన్ను తరచుగా అడిగే ప్రశ్నలను, వాటికి నేను చెప్పే సమాధానాలను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

తెలుగులో ‘సలహాలు’ అని నిక్షేపంగా అంటాం కదా, ఇంగ్లీషులో ‘అడ్వైసెస్’ అంటే ఎందుకు తప్పవుతుంది?

సలహా అనే విషయాన్ని లెక్కపెట్టగలమా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఏ భాష ఏ మాటను లెక్కకు వచ్చేదిగా చూస్తుందన్నదే ప్రశ్న. తెలుగులోనే చూడండి. నీళ్లను ఒకటి, రెండు అని ఎవరూ లెక్కపెట్టలేరు, అయినా ‘నీళ్లు వచ్చాయి’, ‘పాలు పొంగాయి’ అని బహువచనంలోనే మాట్లాడతాం. అదే నీటిని ఇంగ్లీషు ఏకవచనంలో చెబుతుంది. వస్తువు ఒకటే, రెండు భాషలు దాన్ని చూసే తీరు వేరు.

ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ మన దువ్వెనలోనే ఉంది. తల దువ్వుకున్నాక ‘జుట్టు రాలుతోంది’ అంటాం, ‘నాలుగు వెంట్రుకలు రాలాయి’ అని కూడా అంటాం. ‘దువ్వెనకు నాలుగు జుట్లు అంటుకున్నాయి’ అని మాత్రం ఎవరూ అనరు. జుట్టు అనేది మొత్తానికి పేరు, వెంట్రుక అనేది అందులో ఒక్కదానికి పేరు. ఇంగ్లీషులో ‘అడ్వైస్’ జుట్టు వంటి మాట, ‘సజెషన్’ వెంట్రుక వంటి మాట. మన ‘సలహా’ ఈ రెండు పనులూ తానే చేస్తుంది కాబట్టి, దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు చేయి అలవాటుగా ‘అడ్వైస్’ మీదికి పోతుంది, ‘లు’ ఉన్నచోట ఎస్ వచ్చి చేరుతుంది. ‘అభిప్రాయాలు’ అన్నది ‘ఫీడ్‌బ్యాక్స్’గా మారేది కూడా ఈ దారినే. జుట్టు, వెంట్రుక అన్న ఈ జంటను గుర్తుంచుకుంటే కింది సమాధానాల్లో చాలా భాగం సులువుగా అర్థమవుతుంది.

చివర ఎస్ తీసేస్తే సరిపోతుందా?

సరిపోదు. సగం దిద్దిన వాక్యాలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. ఒక మాట అన్‌కౌంటబుల్, అంటే లెక్కకు రానిది, అయినప్పుడు ఆ సంగతి మాట చివరనే కాక, దాని చుట్టూ ఉన్న మాటల్లో కూడా తెలియాలి. ముందు ‘ఎ’, ‘ఎన్’ రాకూడదు. అంకె నేరుగా రాకూడదు. ‘మెనీ’, ‘ఫ్యూ’ బదులు ‘మచ్’, ‘లిటిల్’ రావాలి. ‘దీస్’, ‘దోస్’ బదులు ‘దిస్’, ‘దట్’ రావాలి. క్రియ ఏకవచనంలో ఉండాలి. తరువాతి వాక్యంలో దాన్ని మళ్లీ ప్రస్తావించాల్సి వస్తే ‘దెమ్’ అనకుండా ‘ఇట్’ అనాలి.

చివరి మూడూ కంటికి ఆనవు. ‘దీస్ ఇన్ఫర్మేషన్ ఆర్ ఇంపార్టెంట్’ అని రాసినవారికి ఎస్ పెట్టకూడదని తెలుసు, దాన్ని మానేశారు కూడా. కానీ మనసులో ఇంకా ‘ఈ వివరాలు’ అనే బహువచనమే తిరుగుతోంది కనుక ‘దీస్’, ‘ఆర్’ అలాగే మిగిలిపోయాయి. అది ‘దిస్ ఇన్ఫర్మేషన్ ఈజ్ ఇంపార్టెంట్’ కావాలి. దిద్దేటప్పుడు నేను చేసే పని ఒకటుంది: ఆ మాట మీద వేలు పెట్టి, దాని ఎడమవైపు ఉన్న మాటను, కుడివైపు ఉన్న క్రియను, తరువాతి వాక్యంలోని సర్వనామాన్ని వరసగా చూస్తాను.

‘మచ్’ విషయంలో ఒక చిన్న మాట చెప్పాలి. ప్రశ్నలోనూ వ్యతిరేక వాక్యంలోనూ అది సహజంగా ఇమిడిపోతుంది, ‘దేర్ ఈజ్ నాట్ మచ్ ఇన్ఫర్మేషన్’ అన్నట్టుగా. మామూలు వాక్యంలో ‘ఐ గాట్ మచ్ అడ్వైస్’ అంటే వ్యాకరణం తప్పు కాదు గానీ బిగుసుకుపోయినట్టు ఉంటుంది. అక్కడ ‘ఎ లాట్ ఆఫ్ అడ్వైస్’ అనడం మేలు.

ముందు విశేషణం వస్తే ‘ఎ’ పెట్టవచ్చా? ‘ఎ గుడ్ అడ్వైస్’ అని చాలాచోట్ల చూస్తున్నాను.

పెట్టకూడదు. ‘గుడ్ అడ్వైస్’ అనో ‘సమ్ గుడ్ అడ్వైస్’ అనో రాయాలి. ‘ఎ యూస్‌ఫుల్ ఇన్ఫర్మేషన్’, ‘ఎ పాజిటివ్ ఫీడ్‌బ్యాక్’ కూడా ఇలాంటి పొరపాట్లే. విశేషణం మధ్యలోకి రాగానే ‘ఎ’కీ అసలు నామవాచకానికీ ఎడం పెరిగి తప్పు చెవికి తగలకుండా పోతుంది. విశేషణాన్ని తీసి చదివితే వెంటనే బయటపడుతుంది: ‘ఎన్ అడ్వైస్’ అని రాయనివారు ‘ఎ గుడ్ అడ్వైస్’ అని కూడా రాయకూడదు.

అయితే ‘ఎ గుడ్ నాలెడ్జ్ ఆఫ్ ఇంగ్లీష్’ సరైన ప్రయోగమే కదా అని ఒకరు నన్ను నిలదీశారు. నిజమే, నాలెడ్జ్ కూడా అన్‌కౌంటబులే అయినా, ఫలానా విషయంలో ఫలానా మేరకు ఉన్న జ్ఞానం అన్న అర్థంలో అది ‘ఎ’ను ఒప్పుకుంటుంది. ఆ వెసులుబాటు కొన్ని మాటలకే ఉంది. ఈ మూడింటికీ లేదు.

‘ఎన్ ఇన్ఫర్మేషన్ డెస్క్’, ‘ఫీడ్‌బ్యాక్ ఫారమ్స్’ కూడా తప్పేనా?

కావు. అక్కడ ‘ఎన్’ డెస్క్‌కు చెందింది, చివరి ఎస్ ఫారమ్‌కు చెందింది. ఇన్ఫర్మేషన్, ఫీడ్‌బ్యాక్ అన్నవి అవి ఎలాంటి డెస్క్, ఎలాంటి ఫారమ్‌లు అని చెప్పడానికే వచ్చాయి. నియమం కొత్తగా నేర్చుకున్నవారు ఉత్సాహంలో వీటిని కూడా దిద్దేస్తుంటారు. వరసలో చివర ఉన్న నామవాచకం ఏదో చూసుకుని, లెక్క దానికే కట్టాలి.

అయితే ప్రతిచోటా ‘ఎ పీస్ ఆఫ్’ అని చేర్చుకుంటే సరిపోతుందా?

వ్యాకరణపరంగా సరిపోతుంది. ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’, ‘టూ పీసెస్ ఆఫ్ ఇన్ఫర్మేషన్’ రెండూ నికార్సైన ఇంగ్లీషే, బహువచనం పీస్‌కే వస్తుందన్న ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. కొంచెం తేలిక ధోరణిలో ‘ఎ బిట్ ఆఫ్ అడ్వైస్’ అనవచ్చు, హెచ్చరికగా నాలుగు మాటలు చెప్పాలనుకుంటే ‘ఎ వర్డ్ ఆఫ్ అడ్వైస్’ అనవచ్చు. ‘ఎన్ ఐటమ్ ఆఫ్ ఇన్ఫర్మేషన్’ కార్యాలయాల రాతకు దగ్గరగా ఉంటుంది.

కానీ బడిలో ఈ ఒక్క చిట్కానే నేర్పి వదిలేయడం నాకు నచ్చదు. ఒక నివేదికలో ‘ఐ రిసీవ్డ్ సిక్స్ పీసెస్ ఆఫ్ ఫీడ్‌బ్యాక్, అండ్ త్రీ పీసెస్ ఆఫ్ ఫీడ్‌బ్యాక్ వర్ అబౌట్ ద లేఅవుట్’ అని చదివాను. ఎక్కడా తప్పు లేదు, కానీ చదువుతుంటే రాళ్ల బాటమీద బండి నడిచినట్టుంది. వెంట్రుకకు విడిగా పేరు ఉండగా ‘జుట్టులో ఒక పోగు, జుట్టులో ఇంకో పోగు’ అంటూ పోయినట్టు. ‘ఐ రిసీవ్డ్ సిక్స్ కామెంట్స్, త్రీ ఆఫ్ దెమ్ అబౌట్ ద లేఅవుట్’ అంటే తక్కువ మాటల్లో పని అయిపోతుంది.

అందువల్ల లెక్క చెప్పాల్సిన అవసరం నిజంగా ఉన్నప్పుడు, మొదట ఆ ఒక్కదానికి ఇంగ్లీషులో ఉన్న పేరును వెతకండి. అడ్వైస్ పక్కన ‘సజెషన్’, ‘టిప్’, ‘రికమెండేషన్’ ఉన్నాయి. ఇన్ఫర్మేషన్ పక్కన ‘డీటెయిల్’, ‘ఫాక్ట్’ ఉన్నాయి. ఫీడ్‌బ్యాక్ పక్కన ‘కామెంట్’, ‘రెస్పాన్స్’, ‘రిమార్క్’ ఉన్నాయి. ఇవన్నీ లెక్కకు వచ్చేవే. పైగా వీటి మధ్య తేడా ఉండడం వల్ల రాసేవారికి మేలే జరుగుతుంది: ‘టిప్’ చిన్న చిట్కా, ‘సజెషన్’ వినినా వినకపోయినా మీ ఇష్టమన్న సూచన, ‘రికమెండేషన్’ ఆలోచించి బాధ్యతతో చేసిన సిఫారసు. ‘త్రీ అడ్వైసెస్’ అని రాసే మనిషి ఈ తేడాను చెప్పే అవకాశాన్ని కూడా పోగొట్టుకుంటున్నాడు.

వాక్యం పొడవైనప్పుడు క్రియ తప్పుతోంది. ఎందుకు?

క్రియ తన అసలు కర్తను వదిలి, పక్కనున్న మాటను చూసి మారిపోవడం వల్ల. ‘ద ఇన్ఫర్మేషన్ అబౌట్ ద డేట్స్, రూమ్స్ అండ్ ఫీజ్ ఆర్ అటాచ్డ్’ అన్న వాక్యంలో క్రియకు ముందు మూడు బహువచనాలు బారులు తీరి ఉన్నాయి, కాబట్టి ‘ఆర్’ సరైనట్టే వినిపిస్తుంది. కానీ జతపరిచినది ఇన్ఫర్మేషన్. ‘అబౌట్’ నుంచి ‘ఫీజ్’ దాకా వేలితో మూసి చదవండి: ‘ద ఇన్ఫర్మేషన్ ఈజ్ అటాచ్డ్’.

‘ఆల్ ద’, ‘సమ్ ఆఫ్ ద’, ‘మోస్ట్ ఆఫ్ ద’ అన్నవి కూడా ఇలాగే మోసగిస్తాయి. తెలుగులో ‘అన్ని వివరాలూ’ అనగానే బహువచనం తప్పదు. ఇంగ్లీషులో ఈ మాటలు తమ వెనక వచ్చే నామవాచకాన్ని బట్టి నడుస్తాయి. ‘మోస్ట్ ఆఫ్ ద కామెంట్స్ వర్ హెల్ప్‌ఫుల్’, కానీ ‘మోస్ట్ ఆఫ్ ద ఫీడ్‌బ్యాక్ వాజ్ హెల్ప్‌ఫుల్’.

ఒక నిజమైన ఈమెయిల్‌ను తీసుకుని ఎలా దిద్దాలో చూపించగలరా?

ఈ మధ్య నా దగ్గరికి వచ్చిన ఒక చిత్తుప్రతిలో ఈ నాలుగు వాక్యాలున్నాయి. ‘థాంక్యూ ఫర్ యువర్ అడ్వైసెస్. ఐ నీడ్ ఎన్ ఇన్ఫర్మేషన్ అబౌట్ ద కోర్స్. మెనీ ఇన్ఫర్మేషన్స్ ఆన్ ద వెబ్‌సైట్ ఆర్ ఓల్డ్. ప్లీజ్ గివ్ మీ యువర్ ఫీడ్‌బ్యాక్స్ ఆన్ మై ప్రాజెక్ట్ అండ్ ఐ విల్ యూజ్ దెమ్ ఇన్ ద ఫైనల్ రిపోర్ట్.’

మొదటి వాక్యం సులువు. ‘థాంక్యూ ఫర్ యువర్ అడ్వైస్’ అంటే చాలు, ఎన్ని సలహాలు ఇచ్చినా మాట మారదు. రాసిన అమ్మాయి మాత్రం, ఈమెయిల్ అందుకోబోయే ఆయన చెప్పినవి కచ్చితంగా రెండని, రెండూ పాటించానని తెలియజేయాలనుకుంది. అప్పుడు ‘థాంక్యూ ఫర్ యువర్ టూ సజెషన్స్. ఐ హావ్ ఫాలోడ్ బోత్’ అని రాసుకున్నాం.

రెండో వాక్యం దగ్గర ఎక్కువసేపు ఆగాం. ‘ఎన్’ బదులు ‘సమ్’ పెడితే వ్యాకరణం సరిపోతుంది. కానీ ‘ఎన్ ఇన్ఫర్మేషన్’ అని ఆమె చేయి రాసిందంటే, మనసులో ఒకే ఒక్క వివరం ఉందన్నమాట. ఏమిటది అని అడిగితే, దరఖాస్తుకు చివరి తేదీ అంది. అలాంటప్పుడు ఆ మాటే అడగాలి: ‘కుడ్ యూ టెల్ మీ ద లాస్ట్ డేట్ ఫర్ అప్లికేషన్స్?’ ఇన్ఫర్మేషన్ అనే మాటే మాయమైంది. అవతలి మనిషికి కూడా ఏం చెప్పాలో తెలిసింది. తప్పుగా పెట్టిన ‘ఎన్’ వెనుక ఇలా ఒక స్పష్టమైన విషయం దాగి ఉండడం నేను చాలాసార్లు చూశాను.

మూడో వాక్యంలో మూడుచోట్ల మార్పు కావాలి. ‘మెనీ’ పోయి ‘మచ్ ఆఫ్ ద’ రావాలి, ఎస్ పోవాలి, ‘ఆర్’ పోయి ‘ఈజ్’ రావాలి. పాతబడిపోయింది అనడానికి ‘ఓల్డ్’ కన్నా ‘అవుట్ ఆఫ్ డేట్’ నప్పుతుంది. ‘మచ్ ఆఫ్ ద ఇన్ఫర్మేషన్ ఆన్ ద వెబ్‌సైట్ ఈజ్ అవుట్ ఆఫ్ డేట్’ అన్నది తుదిరూపం. మామూలు వాక్యంలో ‘మచ్’ బిగుసుకుంటుందని పైన చెప్పాను గదా, కర్త స్థానంలో ‘మచ్ ఆఫ్ ద’ అన్నప్పుడు ఆ బిగువు ఉండదు.

నాలుగో వాక్యంలో ఆమె తనంతట తాను ‘ఫీడ్‌బ్యాక్’ అని దిద్దుకుంది, కానీ ‘దెమ్’ను వదిలేసింది. దాన్ని ‘ఇట్’ చేశాక వాక్యం కుదిరింది. ‘దెమ్’ ఉంచాలనుకుంటే దానికి ముందున్న ‘ఫీడ్‌బ్యాక్’ను ‘కామెంట్స్’గా మార్చాలి. రెండూ ఒప్పే. రెండింటినీ కలిపితేనే తప్పు.

‘ఫీడ్‌బ్యాక్స్’ అని ఇప్పుడు చాలామంది రాస్తున్నారు. భాష మారుతుంది కదా?

భాష మారే మాట నిజమే, ఇంగ్లీషు మాట్లాడే అనేక ప్రాంతాల్లో ‘ఫీడ్‌బ్యాక్స్’, ‘ఎక్విప్‌మెంట్స్’, ‘ఫర్నిచర్స్’ వంటి రూపాలు వినిపిస్తూనే ఉన్నాయి. అర్థం కాకపోవడమంటూ ఉండదు. అయినా ప్రచురణకు వెళ్లే రాతలో, ఉద్యోగ దరఖాస్తులో, పరీక్షలో వీటిని ఇప్పటికీ తప్పుగానే చూస్తారు. కాబట్టి అక్కడ వాడవద్దనే చెబుతాను.

ఫీడ్‌బ్యాక్ ఎందుకు లెక్కకు రాదో దాని పుట్టుకను చూస్తే తెలుస్తుంది. ఇది 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో విద్యుత్ వలయాల గురించి ఇంజినీర్లు వాడిన మాట. వలయం నుంచి బయటికి వచ్చే సంకేతంలో కొంత భాగం తిరిగి లోపలికే చేరడాన్ని ఫీడ్‌బ్యాక్ అన్నారు. మైకును స్పీకర్ దగ్గరికి తెస్తే పుట్టే కీచుమనే చప్పుడు కూడా ఇదే. అంటే ఇది ఆగకుండా తిరిగి వచ్చే ఒక ప్రవాహం, విడివిడి ముక్కలు కాదు. మనుషుల స్పందన అన్న అర్థం తరువాత వచ్చింది, కానీ ప్రవాహపు స్వభావం మాటతోపాటే వచ్చింది.

‘అడ్వైసెస్’, ‘ఇన్ఫర్మేషన్స్’ అనే రూపాలు ఇంగ్లీషులో ఎక్కడా లేవా?

ఉన్నాయి, కానీ మన రోజువారీ రాతకు పనికివచ్చే చోట్ల కాదు. వాణిజ్యంలోనూ బ్యాంకు వ్యవహారాల్లోనూ ‘అడ్వైస్’ అంటే లావాదేవీని తెలియజేసే పత్రం, ఆ అర్థంలో అది లెక్కకు వస్తుంది. పాత ఇంగ్లీషు పత్రికల్లో దూరప్రాంతాల నుంచి అందిన వార్తలను ‘అడ్వైసెస్’ అనేవారు. న్యాయశాస్త్రంలో ‘ఎన్ ఇన్ఫర్మేషన్’ అంటే నేరారోపణను లిఖితపూర్వకంగా నమోదు చేసే ఒక పద్ధతి. ఈ అర్థాల వల్ల ఆ రూపాలు నిఘంటువుల్లో చోటు సంపాదించుకున్నాయి. అందుకే కంప్యూటర్‌లోని స్పెల్ చెక్ ‘అడ్వైసెస్’ కింద ఎర్ర గీత గీయకుండా వదిలేయవచ్చు. గీత లేదు కాబట్టి ఒప్పే అనుకోకండి. అది అక్షరాలను చూస్తుంది, మీరు ఏ అర్థంలో వాడారో చూడదు.

సి తో రాసే ‘అడ్వైస్’, ఎస్ తో రాసే ‘అడ్వైజ్’ మధ్య తేడా ఏమిటి?

సి ఉన్నది నామవాచకం, చివర ‘స్’ అని పలుకుతుంది. ఎస్ ఉన్నది క్రియ, చివర ‘జ్’ అని పలుకుతుంది. ‘హీ అడ్వైజెస్ మీ’ అన్నప్పుడు వచ్చే చివరి ఎస్ క్రియకు సంబంధించినది, బహువచనం కాదు.

కొత్త మాట ఎదురైతే అది ఏ జాతికి చెందిందో ఎలా తెలుసుకోవాలి?

ఊహించవద్దు, నేర్చుకునేవారి కోసం తయారైన నిఘంటువు చూడండి. అలాంటి నిఘంటువుల్లో నామవాచకం పక్కన సి అని ఉంటే కౌంటబుల్, యు అని ఉంటే అన్‌కౌంటబుల్. ఆ అక్షరం మాట మొత్తానికి కాక, దాని కింద ఉన్న ఒక్కొక్క అర్థానికి విడిగా ఇస్తారు. ఈ సంగతి చాలామంది గమనించరు. ‘ఎక్స్‌పీరియన్స్’ తీసుకోండి. పనిలో గడించిన అనుభవం అన్న అర్థంలో అది యు, కాబట్టి ‘ఫైవ్ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్’ అంటాం. జీవితంలో ఎదురైన ఒక ఘటన అన్న అర్థంలో అది సి, కాబట్టి ‘టూ స్ట్రేంజ్ ఎక్స్‌పీరియన్సెస్’ అనవచ్చు. ‘పేపర్’ కూడా అంతే: కాగితం లెక్కకు రాదు, పరిశోధనా పత్రం వస్తుంది.

మన మూడు మాటలతో పాటు ఒకే గూటికి చేరేవి మరికొన్ని ఉన్నాయి: ఎక్విప్‌మెంట్, ఫర్నిచర్, లగేజ్, హోంవర్క్, ఎవిడెన్స్, ప్రోగ్రెస్, సాఫ్ట్‌వేర్. పరికరాలు, సామాన్లు, ఆధారాలు అని తెలుగులో బహువచనంలో అనుకునేవే వీటిలో ఎక్కువ. మనసులో తెలుగు మాట ‘లు’తో ముగిసిందంటే అక్కడ ఒక్క క్షణం ఆగి నిఘంటువు తెరవడం మంచిది.

‘న్యూస్’ చివర ఎస్ ఉంది కదా, మరి అది బహువచనమేనా?

కాదు. చూడడానికి బహువచనంలా ఉన్నా అది కూడా అన్‌కౌంటబులే. ‘ద న్యూస్ ఈజ్ గుడ్’ అనాలి, ‘ఎ న్యూస్’ అనకూడదు. దీనికి ‘పీస్ ఆఫ్’ చక్కగా అతుకుతుంది, ‘ఎ పీస్ ఆఫ్ న్యూస్’ అన్నట్టుగా. ‘డేటా’ సంగతి దీనికి భిన్నం: శాస్త్ర పత్రాల్లో కొందరు ‘దీస్ డేటా ఆర్’ అని, మిగిలిన రాతల్లో చాలామంది ‘దిస్ డేటా ఈజ్’ అని రాస్తారు, రెండూ ఆమోదంలో ఉన్నాయి. ఏదో ఒకటి ఎంచుకుని ఆ పత్రం చివరి దాకా అదే పాటించండి.